పిల్లలకు ఎక్కించే సెలైన్‌కు లెక్క రాసి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల వార్డులో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మద్దిలపాలెంలో ఉంటాను. ఈమధ్య మా కింది వాటాలో ఉండే మూడేళ్ల బాబుకి రాత్రంతా వాంతులు, విరేచనాలు అయితే తెల్లారేసరికి దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. బరువు 14 కిలోలు. కళ్లు లోతుకు పోయి, చేతులు చల్లబడి, నాడి సన్నగా కొట్టుకుంటోందట. అక్కడి డాక్టరు సరిగ్గానే మొదలుపెట్టారు. కిలోకి 20 మిల్లీలీటర్ల చొప్పున 280 మి.లీ. నార్మల్ సెలైన్ అరగంటలోపే ఎక్కించారు. దీన్ని బోలస్ అంటారు. బాబు తేరుకున్నాడు, చేతులు వెచ్చబడ్డాయి, ఒంటికి పోశాడు. చెంచాతో ఓఆర్ఎస్ తాగడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత నడిపే సెలైన్ లెక్క వేరు. పిల్లల బరువులో మొదటి 10 కిలోలకు గంటకి కిలోకి 4 మి.లీ., తర్వాతి 10 కిలోలకు 2, ఆపైన ప్రతి కిలోకి 1. ఈ బాబుకి మొదటి పదికి 40, మిగతా నాలుగుకి 8, మొత్తం గంటకి 48 మి.లీ. కేస్ షీట్‌లోనూ అదే రాశారు. నేను వెళ్లేసరికి అది మొదలుపెట్టి రెండు గంటలైంది. "మామ్మగారూ, బాటిల్ సగం పైనే అయిపోయింది, మంచిదే కదా?" అని వాళ్లమ్మ అడిగింది. నాకు గుండె జారింది.

వాచీ పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టాను. నిమిషానికి 48. సెలైన్ ఎక్కించే గొట్టం సెట్ పిల్లలదైతే అది సరైన లెక్కే. దాంట్లో 60 చుక్కలకు ఒక మి.లీ., కాబట్టి నిమిషానికి ఎన్ని చుక్కలో గంటకి అన్ని మి.లీ. కానీ అక్కడ వేలాడుతున్నది పెద్దవాళ్ల సెట్. దాని కవరు మీద 20 చుక్కలకు ఒక మి.లీ. అని అచ్చేసి ఉంది. అంటే గంటకి 144 మి.లీ. పోతోంది. రెండు గంటల్లో 96 పోవాల్సిన చోట 288 పోయింది. ఆ సెట్‌తో నడపాలంటే నిమిషానికి 16 చుక్కలే పడాలి. వెంటనే సిస్టర్‌కి చెప్పి, చుక్కల వేగాన్ని అదుపు చేసే రోలర్ మూయించాను. బాబుకి ఏమీ కాలేదు.

ఎక్కువ పోతే ఏమవుతుందో చెప్పాలి. ఒంట్లో బాగాలేని పిల్లలు నీటిని త్వరగా బయటికి వదల్లేరు, ఒళ్లు దాన్ని పట్టి ఉంచుకుంటుంది. అందులోనూ సోడియం తక్కువున్న సెలైన్ ఎక్కితే రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది. మళ్లీ వాంతులు, తలనొప్పి, మత్తుగా పడుకోవడం, ఆఖరికి ఫిట్స్. ఆ వాంతుల్ని జబ్బు తగ్గకపోవడమనుకుని సెలైన్ ఇంకా పెంచేస్తారు, అక్కడే ప్రమాదం. అందుకే ఇప్పుడు చాలామంది పిల్లలకు నార్మల్ సెలైన్‌తో సమానంగా సోడియం ఉండి, గ్లూకోజ్ కలిసిన ద్రవమే వాడాలంటున్నారు. రెప్పలు ఉబ్బడం, ఊపిరి వేగంగా తీయడం కనిపిస్తే ముందు సెలైన్ ఆపించి డాక్టర్‌ని పిలవాలి.

ఇంకో మాట. బోలస్ షాక్‌లోకి, అంటే రక్తప్రసరణ పడిపోయే స్థితిలోకి వెళ్లిన పిల్లలకే. తాగగలిగే స్థితిలో ఉండి కొంత నీరు పోయిన పిల్లాడికి కిలోకి 75 మి.లీ. ఓఆర్ఎస్ నాలుగు గంటల్లో పట్టిస్తే సరిపోతుంది. ఈ బాబు బరువుకి అది లీటరు పైచిలుకు. బాగా చిక్కిపోయిన పిల్లలకి, గుండె జబ్బున్న వాళ్లకి, డెంగీ కేసులకి ఈ లెక్కలేవీ ఇలాగే పనికిరావు, వాటిని డాక్టరే విడిగా చూడాలి.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారుల్ని నేను కోరేది ఇదీ. నగరంలో పిల్లల్ని చేర్చుకునే ప్రతి నర్సింగ్ హోమ్‌లో బ్యూరెట్, అంటే మి.లీ. గీతలున్న చిన్న కొలపాత్ర, ఉన్న పిల్లల సెట్లు తప్పనిసరి చేయండి. బ్యూరెట్‌లో ఒకటి రెండు గంటలకు సరిపడానే పోస్తే, రోలర్ జారినా అంతకు మించి పోదు. బరువు అడిగి రాయకుండా కాటా మీద తూచి, ఆ బరువు, గంటకి ఎన్ని మి.లీ., మొదలుపెట్టిన టైమ్ ఒక ప్లాస్టర్ ముక్క మీద రాసి బాటిల్‌కి అంటించమనండి.

తల్లులకు కూడా చెబుతున్నాను. చుక్కలు పడే గొట్టంలోకి చూడండి. పిల్లల సెట్‌లో చుక్క సన్నటి లోహపు సూది చివర నుంచి పడుతుంది, చాలా చిన్నగా ఉంటుంది. సూది లేకుండా లావు చుక్కలు పడుతుంటే "గంటకి ఎంత పోతోంది సిస్టర్?" అని అడగండి. మా వార్డులో ఆ ప్రశ్న అడిగిన తల్లి మీద నేనెప్పుడూ విసుక్కోలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
మద్దిలపాలెం, విశాఖపట్నం