తుళు మాటల పెట్టెలో తప్పులు

సంపాదకులకు నమస్కారం.

మూడు వారాల కిందట మీ ఆదివారం సంచికలో మంగళూరు, ఉడుపి వెళ్లేవారి కోసమని ఇరవై తుళు వాక్యాలు ఒక పెట్టెలో వేశారు. ఇన్నాళ్లూ ఎవరైనా రాస్తారేమో, మీరే సవరణ వేస్తారేమో అని చూశాను. రెండూ జరగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మా కోడలిది పుత్తూరు. మన తిరుపతి జిల్లా పుత్తూరు కాదు, దక్షిణ కన్నడ జిల్లాలోది. వాళ్లింట్లో తుళు తప్ప వేరే మాట వినపడదు. వియ్యపురాలితో ముక్కలు ముక్కలు హిందీలో మాట్లాడుకోవడం నాకు కష్టంగా ఉండి, రెండేళ్లుగా ఆవిడ భాష నేర్చుకుంటున్నాను. పుస్తకం చూసి నేర్చుకునే వీలు నాకు లేదు. తుళుకు సొంత లిపి ఉంది, 2024లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. కానీ మా వియ్యపురాలికే ఆ లిపి చదవడం రాదు. 19వ శతాబ్దంలో మంగళూరు బాసెల్ మిషన్ ప్రెస్సు తుళు పుస్తకాలను కన్నడ అక్షరాల్లో అచ్చేసింది, జనం నేటికీ ఆ అక్షరాల్లోనే రాస్తున్నారు. నాకు కన్నడ లిపి కూడబలుక్కోవడమే. అందుకని విన్నది విన్నట్టు తెలుగులో నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. మీ పెట్టెలో జరిగిన పొరపాట్లన్నీ అంతకుముందు నేను చేసినవే. అందుకే అవి ఎక్కడి నుంచి వచ్చాయో చూడగానే తెలిసింది.

మీ మూడో వాక్యం: "ఉండు ఎంచిన? అంటే ఇది ఏమిటి?" ఇది తప్పు. తుళులో 'ఇది' అనడానికి ఉందు అంటారు, ద పలుకుతుంది. ఉండు అంటే 'ఉంది' అని అర్థం, అక్కడ డ పలుకుతుంది. నీర్ ఉండా అంటే నీళ్లు ఉన్నాయా అని. లేకపోతే ఇజ్జి అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ రెండు మాటలూ ఒకటే, యు, ఎన్, డి, యు. మీవాళ్లు ఎక్కడో ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న జాబితా చూసి తెలుగులోకి దింపారు. ఎవరి నోటా వినలేదు. విని ఉంటే ఈ తప్పు జరిగేదే కాదు. ద, డ తేడా తెలుగు చెవికి ఒకరు నేర్పాల్సిన పని లేదు, మన లిపిలో రెండు వేర్వేరు అక్షరాలే ఉన్నాయి. చేతిలో ఉన్న మంచి పరికరం పక్కన పెట్టి, ఆ తేడా చూపలేని అక్షరాల మీదుగా ఎందుకు రావాలి? 'కోరి' అంటే కోడి. దాన్ని 'కొరి' అని వేశారు. అదీ ఈ దారిలో పోయిన దీర్ఘమే. 'అమ్మె' అంటే తుళులో నాన్న, 'అప్పె' అంటే అమ్మ. మీరు నాన్నకు ఎదురుగా 'అమ్మ' అని అచ్చేశారు. చివరి ఎత్వం ఒక్కటి పోయేసరికి మీ పాఠకుడు వియ్యాలవారింటికి వెళ్లి మామగారిని అమ్మా అని పిలుస్తాడు.

ఇవి సులువుగా దిద్దుకోగలిగే తప్పులు. నన్ను నిజంగా బాధపెట్టింది పదకొండు, పన్నెండు వాక్యాలు. "నేను వస్తాను: బర్పె. అతను వస్తాడు: బర్పె." రెండూ ఒకటేనని వేసి ఊరుకున్నారు. చదివినవాళ్లు తుళులో ఈ తేడా లేదనుకుంటారు. ఉంది. యాన్ అంటే నేను, 'యాన్ బర్పె' అన్నప్పుడు చివరి ఎ నోరు బాగా తెరిచి పలకాలి. ఆయె అంటే అతను, 'ఆయె బర్పె' అన్నప్పుడు మన మామూలు ఎ. 1872లో తుళు వ్యాకరణం రాసిన బ్రిగెల్ అనే మిషనరీ, ఆ తెరిచిన ధ్వని ఇంగ్లీషు 'మ్యాన్'లో అచ్చులా ఉంటుందని అప్పుడే చెప్పాడు. కన్నడ లిపిలో దానికి వేరే గుర్తు లేదు కాబట్టి రెండూ ఒకేలా రాస్తారు. తుళువాళ్లకు దాంతో ఇబ్బంది లేదు, వాళ్లకు భాష ముందే వచ్చు. కొత్తగా నేర్చుకునేవాడికి మాత్రం ఆ అక్షరం అబద్ధం చెప్పినట్టే. కన్నడ అక్షరానికి తెలుగు అక్షరం పెట్టుకుంటూ పోయినా, ఏం దాగిందో అది దాగే ఉంటుంది.

దీనివల్ల ఏమవుతుందో నాకు జరిగింది చెబుతాను. పోయిన సంక్రాంతికి ముందు మా కోడలి తమ్ముడు వస్తాడో రాడో అని మాటలు నడుస్తున్నాయి. నాకు తుళు అలవాటవుతుందని మా వియ్యపురాలు ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల్లో రెండే మాటలు పంపింది: ఎల్లె బర్పె. ఎల్లె అంటే రేపు. కుర్రాడు వస్తాడనుకున్నాను. కుర్రాళ్లు స్టేషన్ నుంచి ఆటోలో వాళ్లే వస్తారు కదా అని ఎవరినీ పంపలేదు. తీరా వచ్చింది ఆవిడ. అరవై ఏళ్ల మనిషి, భాష తెలియని ఊళ్లో రెండు సంచులతో గంటన్నర ప్లాట్‌ఫారం మీద కూర్చుంది. ఆ మాటే ఫోన్లో విని ఉంటే 'నేను' అనో 'అతను' అనో చివరి అచ్చు చెప్పేసేది. రాతలో 'యాన్' ఒక్కటి చేర్చినా సరిపోయేది. కానీ మనం తెలుగులో 'వస్తాను' అన్నాక 'నేను' ఎలా వదిలేస్తామో, వాళ్లూ అలాగే వదిలేస్తారు.

ఆ రోజు రాత్రే ఆవిడా నేనూ కూర్చుని నా నోటు పుస్తకం సరిచేశాం. ముందు ఆ ధ్వనిని 'బ్యాంకు'లో లాగా 'బర్ప్యా' అని రాశాను. చదివి వినిపిస్తే సాగిపోయి ప్రశ్నలా ఉందంది. నిజమే, మన బ్యా దీర్ఘం, వాళ్లది పొట్టిది. తర్వాత ఎత్వం మీద ఒక చుక్క గుర్తు పెట్టాను: నేనైతే బర్పె*, అతనైతే బర్పె. అప్పుడు ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఆవిడ వరసగా పది వాక్యాలు చెప్పింది, 'యాన్', 'ఆయె' లేకుండా. బర్పె, పోపె, మల్పువె, ఇలాగ. నేను విన్నట్టు రాశాను. మర్నాడు ఉదయం అర్థం చెప్పకుండా నా రాత చూసి పైకి చదివాను. ప్రతి దానికీ 'నేనా, అతనా' ఆవిడ చెప్పాలి. మొదటిసారి పదిలో నాలుగు తప్పాయి. తప్పు ఆవిడ చెవిది కాదు, నా రాతది. చుక్క ఉన్నచోట కూడా పాత అలవాటుతో మామూలు ఎ పలికాను. మూడో రోజుకు అన్నీ సరిపోయాయి. సొంతంగా రాసుకున్న రాత పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి నాకు దొరికిన దారి ఇదొక్కటే. మనం చదివితే ఆ భాష మనిషికి అర్థం కావాలి. మనకు అర్థమైతే చాలదు, ఎందుకంటే అర్థం మనకు ముందే గుర్తుంటుంది.

రెండో చిక్కు మాట చివరి పొల్లు. ఇల్ల్, రడ్డ్, పత్త్ అంటే ఇల్లు, రెండు, పది. చివర ఒక చిన్న అచ్చు ఉంటుంది, ఉ లాంటిదే, కానీ పెదవులు గుండ్రంగా చుట్టకూడదు. మన నాలుక అజంతం, దొరికిన ప్రతి పొల్లుకూ ఉత్వం తగిలిస్తుంది. మీవాళ్లు 'ఇల్లు', 'పత్తు' అని వేశారు. చదివినవాడు నిండు ఉ పలుకుతాడు. పొల్లు పెట్టి, పక్కన ఒక్క ముక్క 'పెదవులు చుట్టకండి' అని రాస్తే సరిపోయేది. ఇందులోనూ ఒక పరిమితి ఉంది. ఒక ఇంట్లో 'మల్పు' అంటారు, ఇంకో ఇంట్లో 'మన్పు' అంటారు, రెండూ 'చేయడం' అనే అర్థంలోనే. నా పుస్తకం పుత్తూరులోని ఒక ఇంటి తుళు. ఆ సంగతి మొదటి పేజీలో రాసుకున్నాను. మీ పెట్టెలో ఎవరి తుళు అన్న మాటే లేదు.

దీన్ని తుళు గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మనం 'వచ్చాడు' అని రాస్తాం. ఆ చ్చా పలికే తీరు 'బ్యాంకు'లో బ్యా లాంటిది, దానికి మనకూ అక్షరం లేదు. తెలుగు నేర్చుకునే మా కోడలు అక్కడే తడబడుతుంది, ఏ పాఠ్యపుస్తకమూ ఆ సంగతి చెప్పలేదు. 2004 నుంచి సవర, కువి, కోయ, గోండి, కొలామి వంటి భాషల్లో పిల్లలకు తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. సవరలో గొంతు బిగబట్టి పలికే ధ్వని ఉంది, మన అక్షరమాలలో అది లేదు. అలాంటి వాచకాలు అచ్చుకు వెళ్లే ముందు ఎవరో ఒకరు చదివి సవర పిల్లవాడికి వినిపించి చూడాలి. గిడుగు రామమూర్తిగారు సవరల నోటి నుంచి విని ఆ భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం అచ్చేసినప్పుడు పుస్తకం పేరులోనే, ఇంగ్లీషు అక్షరాల మధ్య, దీర్ఘం ఉన్న చోటల్లా అచ్చు పక్కన రెండు చుక్కలు పెట్టారు. ఉన్న అక్షరాలు చాలవని ఒప్పుకుని గుర్తు చేర్చుకున్న మనిషి ఆయన. ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండ వేసి ఉపన్యాసాలు ఇస్తాం. ఆ మర్నాడే మన ఊళ్ల పేర్లను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి దింపి, ళ బదులు ల, ణ బదులు న రాసిన బోర్డులు రోడ్డు పక్కన నిలబెడతారు. ఆ ఊరివాడిని ఒక్కడిని అడిగినా చెబుతాడు. అడగరు. ఒకప్పుడు పత్రికల్లో తెలియని మాట వస్తే డెస్కులో ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కునేవారు. మా నాన్నగారు ఒక పత్రికలో ప్రూఫులు దిద్దేవారు. పొరుగు భాష పేరు వస్తే ఆ భాష మనిషిని వెతికి, చదివించి, విన్నాకే వదిలేవారు.

మీ ఇరవై వాక్యాలూ దిద్ది ఈ లేఖతో పంపుతున్నాను. పదమూడింటిలో తప్పులున్నాయి. తెరిచిన ఎ ఉన్నచోట చుక్క గుర్తు పెట్టాను, పొల్లు ఉన్నచోట పొల్లే ఉంచాను, ఇది పుత్తూరు వైపు మాట అని పైన రాశాను. మా వియ్యపురాలు ప్రస్తుతం మా ఇంట్లోనే ఉంది, వచ్చే నెల మొదటి వారం దాకా ఉంటుంది. మీ డెస్కువారు ఎవరైనా సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేస్తే వాక్యం వాక్యం చదివి వినిపిస్తానంది. వాళ్లు పలికితే సరిచేస్తానని కూడా అంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ