రెండు ఖానాల కల్వర్టుకు మీరు లెక్కేసిన నాలుగో గోడ గురించి ఫిర్యాదు

మేనేజర్ గారికి,
రెడీమిక్స్ కాంక్రీటు ప్లాంటు

విషయం: మా పంట బోదె మీద కట్టిన బాక్స్ కల్వర్టుకు కాంక్రీటు లెక్క తప్పు వేసి, అక్కర్లేని 3 క్యూబిక్ మీటర్లకు బిల్లు వసూలు చేయడం.

అయ్యా,

మాది కోనసీమలో కాలువ కింద ఊరు. చేలల్లోకి ట్రాక్టరు, వరికోత మిషను దిగే దారిలో పాత తూము కుంగిపోతే, ఆయకట్టు రైతులం ఎకరానికింత అని వేసుకుని, అనుమతి తెచ్చుకుని, మొన్న వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో రెండు ఖానాల బాక్స్ కల్వర్టు కట్టుకున్నాం. ధవళేశ్వరం నుంచి మళ్లీ నీళ్లు వదిలేలోగా పని తేలిపోవాలి. అందుకే మిల్లరు పెట్టి నాలుగు రోజులు కలుపుకునే బదులు మీ దగ్గర ఎం25 కాంక్రీటు చెప్పాం. నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి కనుక పని చూసే బాధ్యత నా మీద పెట్టారు. ఈ ఉత్తరం కూడా వాళ్ల తరఫునే రాస్తున్నాను.

ముందే ఒక మాట. మీ కాంక్రీటు నాణ్యత మీద నాకు ఫిర్యాదు లేదు. లారీల్లో తక్కువ వచ్చిందనీ అనడం లేదు. తప్పంతా మీ ప్లాంటులో ఇంజనీరు తయారుచేసిన క్వాంటిటీ షీటులో ఉంది. డ్రాయింగ్ ఇస్తే లెక్క మేమే వేసి ఇస్తామన్నది మీరే. మీ లెక్క మీద నమ్మకంతో నేను సొంతంగా వేసి చూసుకోకపోవడం నా పొరపాటు, ఒప్పుకుంటాను.

డ్రాయింగ్‌లో ఉన్నది ఇది. ఒక్కో ఖానా లోపలి వెడల్పు 2 మీటర్లు, ఎత్తు 1.5 మీటర్లు. గోడలు మూడు, అన్నీ 25 సెంటీమీటర్ల మందం. పై శ్లాబు 25 సెంటీమీటర్లు, అడుగు శ్లాబు 30 సెంటీమీటర్లు. దారి వెడల్పు వెంబడి బాక్సు పొడవు 6 మీటర్లు. పై మూలల్లో మాత్రం 15 సెంటీమీటర్ల హాంచ్‌లు, ఖానాకు రెండు చొప్పున నాలుగు.

మీ షీటులో ఏం చేశారో చూడండి. ఒక్క ఖానా బాక్సుకు లెక్క కట్టి, కింద ‘సంఖ్య: 2’ అని వేశారు. ఒక్క ఖానా అయితే బయటి వెడల్పు 2.5 మీటర్లు, గోడలు రెండు. దానికి 12.75 క్యూబిక్ మీటర్లు వస్తుంది, అంతవరకు సరే. దాన్ని రెండింతలు చేసి 25.5 అన్నారు. కానీ మేం కట్టింది పక్కపక్కనే రెండు విడి బాక్సులు కాదు కదా. నడిమి గోడ రెండు ఖానాలకూ ఉమ్మడి. మీ లెక్కలో గోడలు నాలుగయ్యాయి, శ్లాబుల వెడల్పు 5 మీటర్లయింది. అసలు వెడల్పు రెండు ఖానాలు 4 మీటర్లు, మూడు గోడలు 75 సెంటీమీటర్లు కలిపి 4.75 మాత్రమే. ఖానాలు ఎన్నయినా గోడలు వాటికంటే ఒకటే ఎక్కువ.

సరైన లెక్క ఇలా వస్తుంది:

అడుగు శ్లాబు 4.75 × 0.30 × 6 = 8.55
పై శ్లాబు 4.75 × 0.25 × 6 = 7.125
గోడలు 3 × 0.25 × 1.5 × 6 = 6.75

మొత్తం 22.425. హాంచ్‌లు ఒక్కోటి త్రికోణం కనుక 0.15 × 0.15లో సగం, 6 మీటర్ల పొడవుకు నాలుగూ కలిపి 0.27. అన్నీ కలిపితే 22.695 క్యూబిక్ మీటర్లు. స్టీలు ఆక్రమించే చోటును తీసేయడం మన కొలతల్లో ఆనవాయితీ కాదు, నేనూ తీయలేదు.

మీ 25.5కూ నా 22.425కూ తేడా 3.075. అడుగు నుంచి పై దాకా 2.05 మీటర్ల ఎత్తు, 25 సెంటీమీటర్ల మందం, 6 మీటర్ల పొడవు ఉన్న ఒక గోడ లెక్క కట్టి చూడండి. సరిగ్గా 3.075 వస్తుంది. మా బోదెలో లేని గోడ అదే.

మొదటి రోజు అడుగు శ్లాబు పోసినప్పుడు ఇది బయటపడలేదు. మీ షీటు ప్రకారం 9 క్యూబిక్ మీటర్లు, 5 శాతం వేస్టేజీ కలిపి, 6 ఒక లారీ, 4 ఒక లారీ పంపారు. కావలసింది 8.55. అయితే మా నేల నల్లరేగడి బంక. అడుగు పీసీసీ వేసిన మర్నాటికే అక్కడక్కడా దిగి, సగటున 2 సెంటీమీటర్ల పల్లం పడింది. 4.75 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు మీద 2 సెంటీమీటర్లంటే అర క్యూబిక్ మీటరు పైనే తినేస్తుంది. మిగిలిన కొంచెం కర్టెన్ వాల్ గోతిలోకి తోసేశాం. సరిపోయిందిలే అనుకున్నాం. గోడల లెక్క మోసం గోడలు పోసే రోజునే తెలుస్తుందని అప్పటికి తట్టలేదు.

రెండో విడత, గోడలూ పై శ్లాబూ కలిపి ఒకేసారి పోసిన రోజు. మీ షీటులో గోడలకు 9, పై శ్లాబుకు 7.5, హాంచ్‌లకు 0.27, వెరసి 16.77. దాని మీద మళ్లీ 5 శాతం. తప్పు అంకె మీద వేస్టేజీ వేస్తే తప్పు కూడా 5 శాతం పెరుగుతుంది. అలా 17.6 అయి, దాన్ని 18 చేసి, 6 చొప్పున మూడు లారీలు రాసుకున్నారు. నిజానికి కావలసింది 14.145.

రెండో లారీ ఖాళీ అయ్యేసరికి గోడలు నిండాయి, శ్లాబు కూడా ఒక చివర నుంచి 4 మీటర్లు పరుచుకుంది. మా మేస్త్రి సెంట్రింగ్ మీద నిలబడి టేపు పెట్టి, ‘ఇంక రెండు మీటర్లే బాబుగారూ’ అన్నాడు. 4.75 × 0.25 × 2 అంటే 2.375. వైబ్రేటరు దగ్గర కారేదీ, డ్రమ్ముకు అంటుకునేదీ చూసుకున్నా 3 పంపితే చాలు. వెంటనే మీ ప్లాంటుకు ఫోన్ చేశాను. ‘మూడో బండి 6 లోడై బయల్దేరిపోయింది సార్’ అన్నారు. చివరి బండి లోడు సైటు నుంచి కబురు వచ్చాకే వేయాలి. మీ లైనులో ఉన్నవాళ్లకు ఇది నేను చెప్పాల్సిన సంగతి కాదు.

బండి వచ్చింది. శ్లాబు నిండింది. డ్రైవరు డ్రమ్ములోకి తొంగి చూసి, తల గోక్కుంటూ, ‘ఇంకా సగం పైనే ఉంది, ఎక్కడ పోయమంటారు?’ అని అడిగాడు. వెనక్కి తీసుకెళ్లమంటే దారిలో గడ్డకడితే డ్రమ్ము పోతుందని భయపడ్డాడు. ఆ కుర్రాడి తప్పేముంది? ఎండ చూస్తే మాడిపోతోంది. చివరికి గట్టు మీద, దింపుడు కొబ్బరికాయ రాశి పోసే చోట వదిలించాం. ఆరాక టేపు పెట్టి కొలిచాను. 4.6 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, సగటు మందం 30 సెంటీమీటర్లు, అంటే 3.45 క్యూబిక్ మీటర్లు. ఫొటోలు జతపరుస్తున్నాను. ఇప్పుడా రాయి మీద పిల్లలు క్రికెట్ స్కోరు రాసుకుంటున్నారు గానీ, కాయ దింపినప్పుడు ట్రాక్టరు గట్టెక్కడానికి దారి లేదు.

నేను ఫోన్‌లో అడిగాక మీ ఇంజనీరు రెండో షీటు పంపారు. అందులో నాలుగో గోడ తీసేశారు, సంతోషం. శ్లాబులు కూడా 4.75 వెడల్పుతోనే ఉన్నాయి. కానీ మూడు గోడలకూ ఎత్తు 1.5 బదులు 2.05 వేశారు. అంటే శ్లాబుల మందంలోకి గోడను కూడా పొడిగించారు. గోడ పైనా కిందా ఉండే ఆ చోటు ఒకసారి శ్లాబులో, ఇంకోసారి గోడలో లెక్కకొచ్చింది. గోడలు 6.75 కావలసింది 9.225 అయ్యాయి, మొత్తం 25.17. మొదటి షీటులో హాంచ్‌లతో కలిపి 25.77. ‘చూడండి, రెండు పద్ధతుల్లోనూ దగ్గరగానే వచ్చింది, మా లెక్క కరెక్టే’ అని ఆయన వాదన. రెండు వేర్వేరు తప్పులు దగ్గరి అంకెలు ఇచ్చినంత మాత్రాన అవి ఒకదానికొకటి సాక్ష్యం కావు. గోడను పూర్తి ఎత్తు వేయాలనుకుంటే వేయండి, అప్పుడు శ్లాబులను ఖానాల లోపలి 4 మీటర్ల వెడల్పుకే కొలవాలి. రెండూ పూర్తిగా తీసుకోకూడదు.

ఏ లెక్కయినా సరిచూడడానికి ఒక దారి ఉంది, దయచేసి ఆయనకు చెప్పండి. బాక్సు ముఖం బయటి కొలత 4.75 × 2.05 = 9.7375 చదరపు మీటర్లు. అందులోంచి ఖాళీలు రెండు, 2 × 1.5 చొప్పున 6 తీసేయాలి. మిగిలింది 3.7375. దాన్ని 6 మీటర్ల పొడవుతో గుణిస్తే 22.425. విడివిడిగా కూడినదీ, బయటి నుంచి తీసేసినదీ ఒకటే రావాలి. రాకపోతే ఎక్కడో మూల రెండుసార్లు లెక్కపడినట్టే. ఈ చూపులో హాంచ్‌లు రావు, వాటిని వేరే కలపాలి. రెక్క గోడలు, అడుగు పీసీసీ కూడా దీనిలో లేవు.

ఇక మేం కోరేది. మిగిలిన 3.45కూ డబ్బు అడగడం లేదు. లెక్క సరిగ్గా ఉన్నా ఆ రోజు మేం 15 చెప్పేవాళ్లం, వేస్టేజీ మేమే భరించేవాళ్లం. మీరు పంపింది 18. కాబట్టి 3 క్యూబిక్ మీటర్లకు మీ బిల్లు రేటు 5,200 చొప్పున 15,600, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,808, మొత్తం 18,408 రూపాయలకు క్రెడిట్ నోట్ ఇచ్చి, సొమ్ము రైతుల ఖాతాకు తిరిగి వేయించండి. గట్టు మీద రాయిని బ్రేకరుతో పగలగొట్టించి తీయించడం కూడా మీదే. ముక్కలు బోదెలో పడనివ్వకండి, ఖానాల ముందు చేరితే గుర్రపుడెక్క అక్కడే పట్టుకుంటుంది.

ఇంకొకటి. ఆ షీటు ఒక్క ఖానాకు చేసినదే అయితే, అందులో ‘సంఖ్య’ అనే గడి తీసేసి ‘ఖానాలు’ అని పెట్టి, గోడల సంఖ్య దానంతటదే ఒకటి ఎక్కువ వచ్చేలా మార్చండి. మా కింది ఊరివాళ్లు మూడు ఖానాలది కట్టుకోబోతున్నారు, వాళ్లూ మీ దగ్గరికే వస్తారు. ఈ షీటుతోనే అయితే వాళ్లకు రెండు లేని గోడలు పడతాయి.

డెలివరీ చలాన్లు అయిదు, మీ రెండు షీట్లు, డ్రాయింగ్ నకలు, ఫొటోలు దీనితో జతచేశాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. మీ ఇంజనీరు ఒకసారి వచ్చి టేపు పట్టుకుంటానంటే మాత్రం రమ్మనండి. ఖానాల్లోకి దిగి కొలవాలంటే నీళ్లు నిండుగా పారకముందే రావాలి.

ఇట్లు,
ఆయకట్టు రైతుల తరఫున,
రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్