ఇంకేటి సంగతులు?

టొరంటో,
నవంబరు నెలాఖరు

అక్కకి,

ఇక్కడ మేమంతా కులాసా. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా?

"వాడికి నాతో మాటలు కరువయ్యాయి" అని సూరి నీ దగ్గర వాపోయాడట. సూరి కోపంలో సగం నేను చేసుకున్నదే. ఆదివారం మీకు రాత్రి 7 అయ్యేసరికి ఫోన్ చేస్తానని మాట. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. అది మరిచిపోయి, ఎప్పట్లాగే నా పొద్దున్న 9:30కి చేశాను. పర్లాకిమిడిలో అప్పటికి 8. పాపం, దుకాణం మూయకుండా గంట కూర్చున్నాడు. ఇప్పుడు నా 8:30కే చేస్తున్నాను.

మాటల సంగతి వేరు. ఇద్దరం ఒకేసారి నోరు తెరుస్తాం, ఒకేసారి ఆగిపోతాం. "నువ్వు చెప్పు", "కాదు, నువ్వే చెప్పరా" అనుకునేసరికి చెప్పాలనుకున్నది కాస్తా పోతుంది. ఎదురెదురుగా కూర్చుంటే ఒకరు ఆపాక రెండోవారు అందుకోవడానికి సెకనులో ఐదోవంతు చాలు. వీడియోలో నా మాట అక్కడికి చేరడానికి పావు సెకను, వాడి జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు పట్టిందనుకో, వాడు వెంటనే పలికినా నాకు తటపటాయించినట్టే ఉంటుంది. వాడికి నేనూ అంతే.

అందుకే మొన్న లెక్క పెట్టి చూశాం. నేను "ఒకటి" అంటే వాడు "రెండు", మళ్ళీ నేను "మూడు". ప్రతి అంకె వాడి వైపు నుంచే ఆలస్యంగా వస్తోందని నాకు, నా వైపు నుంచేనని వాడికి అనిపించింది. తగువు అక్కడే తేలిపోయింది, ఆలస్యం మా ఇద్దరిదీ కాదు, దారిది. దుకాణం వెనకగదిలో సిగ్నల్ అంతంతమాత్రం. మెట్ల మీదికి వచ్చి, వీడియో ఆపి, ఒట్టి మాటలతో చేస్తే చాలా నయమైంది. వాడు చెబుతుంటే మధ్యలో "ఊ, ఊ" కొట్టడం కూడా మానేశాను. అది ఆలస్యంగా చేరి వాడి తర్వాతి మాట మీద పడుతోంది.

ఇంత చేసినా కొన్నిసార్లు నిజంగానే మాటలు అయిపోతాయి. అప్పుడు "ఇంకేటి సంగతులు?" అన్నామా, "ఏటున్నాయి, అంతే" అని జవాబు వస్తుంది, ఫోన్ పెట్టేయడమే. ఇప్పుడు వాడు ఫోన్ గల్లాపెట్టె మీద పెట్టి చిల్లర లెక్కపెట్టుకుంటాడు, నేను ఉల్లిపాయలు తరుగుతాను. మొన్న అలా నాలుగు నిమిషాలు ఊరుకున్నాక, మెట్ల కింద ఈనిన కుక్క పిల్లలు కళ్ళు తెరిచాయా అని అడిగాను. రెండు తెరిచాయట, మూడోదాన్ని ఎవరో పట్టుకుపోయారట. దానిమీదే అరగంట నడిచింది.

నువ్వూ అంతేనే అక్కా. రెండు క్షణాలు నిశ్శబ్దం వస్తే చాలు, "సరే, ఉంటానైతే" అని కట్ చేసేస్తావు. ఈసారి ఫోన్ పోపుల డబ్బాకి ఆనించి, నీ వంట నువ్వు చేసుకో. నేను ఇక్కడే ఉంటాను.

నీ తమ్ముడు