రేటింగ్ సంగతి అడిగావుగా బావా

బావా,

అమలాపురంలో నువ్వూ ఫుడ్ డెలివరీకి చేరనా, రేటింగ్ సంగతేంటి అని అడిగావు. బండి ఎలాగూ ఉంది, చేరడం పెద్ద పని కాదు. చేరాక వచ్చే గొడవలన్నీ రాయాలంటే తెల్లారిపోతుంది కాబట్టి, మనల్ని ఎక్కువగా ముంచే ఒక్క కంప్లయింట్ గురించే రాస్తాను. "ఐటమ్ తక్కువొచ్చింది" అనేది.

మొన్న ఆదివారం రాత్రి భీమవరంలో వాన. జువ్వలపాలెం రోడ్డులో ఓ హోటల్లో ఆర్డర్ తగిలింది. బిల్లులో మూడున్నాయి: బిర్యానీ, రొయ్యల వేపుడు, పుల్కాలు. కవరు మూతికి స్టిక్కర్ వేసేశారు. దాన్ని విప్పి చూసే హక్కు మనకి లేదు, విప్పితే తప్పు మనదే అయిపోతుంది. అందుకే కౌంటర్ దగ్గర కుర్రాణ్ణి "మూడూ పడ్డాయా తమ్ముడూ" అని అడుగుతాను. అతను ఊ అన్నాక బిల్లు, స్టిక్కర్ ఒకే ఫొటోలో కనబడేలా తీసుకుంటాను. యాప్‌లో పికప్ నొక్కేది ఆ తర్వాతే. నొక్కాక ఆ కవరుకి పూచీ మనదే అన్నట్టు చూస్తారు మరి.

లొకేషన్ చూస్తే యనమదుర్రు డ్రెయిన్‌కి ఇవతల చూపిస్తోంది. కస్టమర్‌కి ఫోన్ చేస్తే ఇల్లు అవతల అన్నాడు. మధ్యలో నీళ్లు కదా, వంతెన దాకా వెళ్లి తిరిగి రావాలి. టైమర్‌కి డ్రెయిన్ సంగతి ఏం తెలుసు! ఇలాంటప్పుడు ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకుండా యాప్ చాట్‌లో "ఇల్లు అవతల ఒడ్డున ఉందండి, చుట్టూ తిరిగి వస్తున్నాను" అని ఒక ముక్క పెట్టు. తర్వాత ఎవరైనా చూస్తే, టైముతో సహా అక్కడ ఉంటుంది. గేటు దగ్గర ఇచ్చేటప్పుడు "స్టిక్కర్ చూసుకోండి అండి" అన్నాను. ఆయన ఏమీ అనకుండా లోపలికి పోయాడు.

కాసేపటికి ఫోన్‌లో మెసేజ్: రొయ్యల వేపుడు రాలేదట. ఒక్క స్టార్, పైగా డబ్బులు నా ఖాతాలోంచి కోత. స్టిక్కర్ తెగకుండా లోపల డబ్బా మాయమైందంటే, అసలు హోటల్లోనే పెట్టి ఉండరు, లేకపోతే ఆయన అబద్ధమైనా ఆడి ఉండాలి. మధ్యలో మనం తినడానికి దారేది చెప్పు?

ఇక్కడే బావా జాగ్రత్త. ఇల్లు తెలుసు కదా అని మళ్లీ వెళ్లి అడిగావో, న్యాయం నీదే అయినా ఐడీ పోతుంది. కస్టమర్‌ని బెదిరించాడు అని రాస్తే ఇంక నీ మాట వినేవాడుండడు. నేను ప్రకాశం చౌక్ దగ్గర బండి ఆపి, టీ తాగి, యాప్‌లో కంపెనీ వాళ్లకి ఫిర్యాదు, అదే టికెట్, పెట్టాను. అందులో మన బాధలు రాయకూడదు. ఆర్డర్ నంబర్, పికప్ చేసిన టైము, ఫొటో, "సీల్ తెగలేదు, చేతికే ఇచ్చాను" అని, అంతే. వెంటనే ఓ రెడీమేడ్ జవాబు వచ్చింది, కస్టమర్ అనుభవమే మాకు ముఖ్యమని. దానికి కొత్త టికెట్ పెట్టకు. పాతదాన్నే మళ్లీ తెరిపించు. కొత్తది వేరేవాడి దగ్గరికి పోయి మొదట్నుంచీ మొదలవుతుంది. చివరికి డబ్బులు వెనక్కి వేశారు. స్టార్ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ స్టార్ ఎంత దెబ్బో లెక్కేసి చూడు. యాభై రేటింగ్‌ల్లో నలభై తొమ్మిది అయిదేసి, ఒకటి ఒక్క స్టార్ అయితే సగటు 4.92. అదే కొత్తగా చేరినవాడికి పదే ఉంటే 4.6కి పడిపోతుంది. తప్పు ఒకటే, దెబ్బ కొత్తవాడికి ఎక్కువ. అందుకే మొదటి రోజుల్లో ఆదివారం రాత్రి వానలో ఇన్సెంటివ్ కోసం ఎగబడకు. హోటళ్లలో హడావిడిగా కట్టేది, డబ్బాలు మర్చిపోయేది అప్పుడే.

కర్ణాటకలో 2025లో మనలా యాప్‌ల మీద పనిచేసే గిగ్ వర్కర్ల కోసం ఒక చట్టం తెచ్చారు. పనిలోంచి తీసెయ్యాలంటే కారణం రాసివ్వాలి, 14 రోజుల ముందు నోటీసివ్వాలి అని అందులో ఉంది. ఐడీ పోయాక ఎందుకు పోయిందో తెలియక తిరిగే మా వాళ్లని చూస్తే, ఆ కారణం రాసివ్వడమొక్కటే చాలనిపిస్తుంది నాకు.

టెన్షన్ సంగతంటావా, గొడవ వచ్చిన వెంటనే తర్వాతి ఆర్డర్ తీసుకోను. ఆ కోపం మీద బండి తోలితే ఆ రోడ్ల మీద గుంతలు కనబడవు. ఫొటో ఉంటే సగం కోపం అక్కడే దిగిపోతుంది, ఎందుకంటే వాదించాల్సింది మనం కాదు, ఫొటో.

చేరేట్టయితే ముందు ఫోన్‌కి వాటర్‌ప్రూఫ్ కవరు కొను. వానలో తడి వేళ్లకి స్క్రీన్ పలకదు, పికప్ రెండుసార్లు నొక్కుకుపోతుంది. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
బావ