మీ అసలు మెసేజ్‌ని దొంగ మెసేజ్ అనుకున్నందుకు నా ఖాతా ఆపేశారు - నాలుగో ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ హెడ్ గారికి,

ఇది నాలుగోసారి రాయడం. ముందు మూడింటికీ "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని ఒకటే జవాబొచ్చింది, ఎంత విలువైనదో అర్థమవుతూనే ఉంది లెండి. 14 ఏళ్లుగా నా జీతం మీ దగ్గరే పడుతోంది, మా ఆవిడ ఖాతా కూడా నేనే పట్టుబట్టి మీ దగ్గర తెరిపించా, ఇంట్లో ఇప్పుడు ఆ మాట రోజూ వింటున్నా.

మీ మెసేజ్ ఇదీ: "ప్రియమైన కస్టమరు, మీ కేవైసీ 24 గంటల్లో అప్‌డేట్ చేయనిచో ఖాతా ఆపబడబడును". ఆపబడబడును! కింద ఒక లింకు. లింకులో https:// దాటాక మొదటి ఏటవాలు గీత దాకా చూస్తే ఎప్పుడూ వినని ఏదో కంపెనీ పేరు, మీ పేరేమో ఆ గీత తర్వాత తోకలో ఎక్కడో ఉంది. సైటు ఎవరిదో తెలిసేది గీతకి ముందున్న పేరు చివర్నే, గీత తర్వాత ఎవడైనా ఏ బ్యాంకు పేరైనా రాసుకోవచ్చు. ఒకపక్క తొందర, ఒకపక్క బెదిరింపు, పైగా తప్పులు, పరాయి అడ్రసు. దొంగలు కూడా ఈమధ్య ఇంతకన్నా శుభ్రంగా రాస్తున్నారండీ.

అందుకే లింకు ముట్టుకోలేదు. మీ యాప్ నేనే తెరిచి చూశా, అందులో నోటీసు లేదు, కేవైసీ ఊసే లేదు. కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చేశా, 40 నిమిషాలు మీ పాట విన్నాక ఒకాయన లైన్లోకొచ్చి "సార్ అది ఫ్రాడ్, డిలీట్ చేసేయండి" అన్నాడు. చేసేశా. మూడో రోజు కార్డు పనిచెయ్యలేదు.

మళ్లీ ఫోన్, మళ్లీ పాట. ఈసారి ఒకావిడ, "మేమే పంపాం కదా సార్, మీరెందుకు చెయ్యలేదు?" అని నన్నే నిలదీసింది. మొన్న మీవాళ్లే ఫ్రాడ్ అన్నారమ్మా అంటే "ఓటీపీలు వచ్చే చోటే వచ్చింది కదా సార్, నమ్మాల్సింది" అంది. ఫోను మెసేజ్‌లని పంపినవాళ్ల పేరు చూసి ఒకచోట పేరుస్తుంది అంతే, వేరేవాడు అదే పేరు పెట్టుకుని పంపగలిగితే వాడిదీ మీ ఓటీపీల కిందే వచ్చి కూర్చుంటుంది. అది చెప్తే "లింకులో తాళం బొమ్మ ఉంది కదా" అంది. తాళం ఉంటే మనం పంపేది దారిలో ఎవరూ చదవలేరనే, అవతల కూర్చున్నది దొంగ కాదని కాదు, దొంగ సైటుకీ తాళం ఉంటుంది. ఇది కస్టమర్ బ్యాంకుకి నేర్పాలా?

అసలు కథ ఇప్పుడు. సూపర్‌వైజర్ అని ఒకతను ఏదో మొబైల్ నంబర్నుంచి చేసి పుట్టినతేదీ, కార్డు చివరి అంకెలు చెప్పమన్నాడు, తర్వాత "ఓటీపీ వస్తుంది, చదవండి" అన్నాడు. ఆ ఓటీపీ మెసేజ్‌లోనే "బ్యాంకు సిబ్బందికి కూడా చెప్పవద్దు" అని మీరే రాశారు! టికెట్ నంబరివ్వు బాబూ, కార్డు మీదున్న నంబరుకి నేనే చేస్తా అన్నా. నిజమైనవాడికి దాంతో ఏం నష్టం? అతను మాత్రం నొచ్చుకుని పెట్టేశాడు, ఆ సాయంత్రం "కస్టమర్ సహకరించలేదు" అని ఫిర్యాదు మూసేసినట్టు మెసేజొచ్చింది. అంటే అతను మీవాడే అన్నమాట, లేక అదే టైముకి దొంగ కూడా చేశాడో, ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

చివరికి బ్రాంచికి వెళ్తే అక్కడమ్మాయి స్క్రీన్ చూసి నిజంగానే కేవైసీ పెండింగ్ ఉందని చెప్పి కాగితాలు స్కాన్ చేసింది, అయిదు నిమిషాల పని. ఆ లింకు బయటి కంపెనీదట, దాని సంగతి బ్రాంచికే తెలీదట. ఇంక ఫోన్లో ఉన్నాయనకేం తెలుస్తుంది పాపం. మెసేజ్‌లో ఉన్న రిఫరెన్స్ నంబరు అడిగిందావిడ, మీరే డిలీట్ చేయించారు కదా అన్నా.

మీరు పంపే ప్రతి నోటీసూ యాప్‌లో కూడా కనపడాలి, ఇవాళ ఏ మెసేజ్‌లు వెళ్లాయో మీ ఫోన్‌వాళ్ల ముందు జాబితా ఉండాలి, లింకు పెడితే మీ సొంత అడ్రసుదే పెట్టండి లేదా అసలు పెట్టకండి. "సహకరించలేదు" అన్న ముక్క మాత్రం నా రికార్డులోంచి తీసేసినట్టు రాతపూర్వకంగా కావాలి. వారంలో రాకపోతే రెండు ఖాతాలూ మూసేస్తాం, ఈ కథంతా పైవాళ్లకి కాల్ టైములతో సహా పంపిస్తా.

జవాబు కాగితం మీద పంపండి. లింకు పెట్టారో, దాన్నీ డిలీట్ చేస్తా.

ఇట్లు,
సహకరించని మీ కస్టమర్