నీళ్లే కాదు, మందు పాల సంగతీ చూడండి

సంపాదకులకు,

నీళ్ల పాల క్యాన్లను అధికారులు పారబోస్తున్న ఫొటో పోయిన వారం మీ చిత్తూరు పేజీలో చూశాం. సంతోషం. నీళ్లు లాక్టోమీటరుకు దొరికిపోతాయి. పొదుగువాపుకు ఎక్కించిన యాంటీబయాటిక్ లాక్టోమీటరుకూ దొరకదు, వెన్నను, ఎస్ఎన్ఎఫ్ అనే మిగతా ఘనపదార్థాలను చూసే యంత్రానికీ దొరకదు. ఇంట్లో కాచినా పెన్సిలిన్ చాలా వరకు అలాగే ఉంటుంది.

లెక్క చూడండి. చన్నులోకి ఎక్కించే లక్ష యూనిట్ల పెన్సిలిన్ ట్యూబు అంటే దాదాపు 60 మిల్లీగ్రాముల మందు. అందులో నూటికి ఐదు వంతులు ఒక పూట పాలలోకి వచ్చినా 3 మిల్లీగ్రాములు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ఒప్పుకునేది కిలో పాలకు 4 మైక్రోగ్రాములే. అంటే ఆ ఒక్క ఆవు పాలు కూలింగ్ యూనిట్‌లో పడితే దాదాపు 750 లీటర్లు ఆ హద్దుకు చేరతాయి. పెన్సిలిన్ పడనివాళ్లకు దద్దుర్లు లేస్తాయి, తోడు సరిగా అంటదు. రోజూ కొద్దికొద్దిగా మందు తగిలిన సూక్ష్మజీవులు దానికి లొంగకుండా తయారవుతాయి.

రైతులు తప్పేది ఎక్కువగా రెండు చోట్ల. మందు వేశాక పాలు అమ్మకూడని గడువును మొదటి ట్యూబు నుంచి లెక్కేస్తారు. లెక్కించాల్సింది ఆఖరి ట్యూబు నుంచి. సోమ, మంగళ, బుధవారాల్లో పొద్దున 6 గంటలకు ట్యూబులు ఎక్కించారనుకుందాం. డబ్బా మీద 96 గంటలని ఉంటే శనివారం సాయంత్రం పాలు కూడా అమ్మకూడదు. రెండోది, వాచిన చన్ను పాలు మాత్రం పారబోసి మిగతా మూడు చన్నుల పాలు కేంద్రానికి పోస్తారు. మందు రక్తంలో కలిసి ఆ మూడింటికీ వస్తుంది, కాబట్టి నాలుగింటి పాలూ పక్కన పెట్టాల్సిందే. వాటిని దూడకు పట్టడమూ మంచిది కాదు. చెప్పినదానికంటే ఎక్కువ మోతాదు వేస్తే డబ్బా మీది గడువు కూడా చాలదు.

డబ్బా మీద గడువే లేకపోతే? 2012లో మందుల నిబంధనల్లో చేర్చిన ప్రకారం పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు. ఈ సంగతి మందుల షాపులో ఎవరైనా చెబుతున్నారా? చీటీ లేకుండా ట్యూబులు చేతికిచ్చి డబ్బులు తీసుకోవడమేగా! సూదులు వేసినా కోలుకోని గొడ్డును మర్నాడే కోతకు తోలేస్తున్నారు. ఆ 28 రోజులు ఎవరు లెక్కపెడుతున్నారో కబేళాలో మాంసానికి ముద్రలు వేసేవారు చెప్పాలి.

రోజుకు 10 లీటర్లిచ్చే ఆవైతే పైన చెప్పినట్టు సోమవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా 11 పూటల్లో 55 లీటర్లు పోతాయి. లీటరు 35 రూపాయలనుకున్నా దాదాపు రెండు వేలు. ఆ నష్టం మొత్తం రైతు నెత్తినే వేసి నిజాయితీగా ఉండమంటే ఎంతమంది ఉంటారు? తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం పెట్టుకున్న జిల్లాలకు ఇది తెలియని విషయం కాదు. ప్రతి కూలింగ్ యూనిట్‌లోనూ పాలు కలపకముందే మందు జాడ పట్టే స్ట్రిప్ పరీక్ష చేయించాలి. డాక్టరు చీటీ మీద మందు పేరుతో పాటు ‘ఈ తేదీ, ఈ పూట దాకా అమ్మవద్దు’ అని తెలుగులో రాయించాలి. దీనికి జీవో కూడా అక్కర్లేదు, పెన్ను చాలు.

– ఒక పాఠకుడు, చిత్తూరు