ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు

అమ్మ నిన్న సాయంత్రం ఇంటికొచ్చింది. పది రోజులుగా నాకు సరిగ్గా నిద్ర లేదు, రాసేదాంట్లో తప్పులుంటే ఏమనుకోవద్దు. మీకు దండం పెట్టి ఈ మాట ఇప్పుడే చెప్పకపోతే మనసు ఊరుకోదు.

చంద్రగిరి దగ్గర మా ఊళ్లో అమ్మ రోజూ గట్ల మీద ఆవులకు గడ్డి కోసుకొస్తుంది. వానల తర్వాత జ్వరం, తలపోటు పట్టుకున్నాయి. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ప్లేట్‌లెట్లు 70 వేలకు పడిపోయాయన్నారు, డెంగీ మాత్రం లేదన్నారు. నాలుగు రోజులు ఇంజెక్షన్లు వేసినా జ్వరం 103 నుంచి దిగలేదు. ఆయాసం మొదలయ్యేసరికి భయపడి తిరుపతిలో ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాం.

ఆ రాత్రి రెండింటప్పుడు సిస్టర్ అమ్మకు తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తున్నారు. లంగా బొందు కట్టుకునే చోట చేయి ఆగింది. మురికేమోనని తడి దూదితో రుద్దారు, పోలేదు. ఫోన్ లైటు వేసి చూస్తే బీడీతో కాల్చినట్టు నల్లగా పెచ్చు కట్టిన మచ్చ, చుట్టూ ఎర్రటి అంచు. "నొప్పిగా ఉందామ్మా?" అంటే అమ్మ లేదంది. "గడ్డి కోస్తారా?" అని అడిగి, వెంటనే వెళ్లి డ్యూటీ డాక్టర్‌ను పిలుచుకొచ్చారు.

ఆయన గజ్జల్లో బిళ్లలు తడిమి చూసి స్క్రబ్ టైఫస్ కావచ్చన్నారు. గడ్డిలో ఉండే నల్లి జాతి పురుగు పిల్ల, కంటికి ఆనదు, బట్ట బిగుతుగా ఉన్నచోట కుడుతుందట. పది రోజులకు అటూ ఇటూగా జ్వరం వస్తుందట. మచ్చ అందరికీ పడదు, పడినా నొప్పి లేక పేషెంటుకే తెలియదట. రక్తం టెస్టుకు పంపి, రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ 100 మొదలుపెట్టారు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. రెండో రోజుకే ఒళ్లు చల్లబడింది. రిపోర్టు ఆ తర్వాత వచ్చింది, అదే.

నేను గోడకు ఆనుకుని కూర్చుంటే సిస్టర్ తన డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. "తిను పాపా, రేపు మీ అమ్మను నువ్వే చూసుకోవాల." చిత్రాన్నం. రెండు ముద్దలు తిన్నానో లేదో ఏడుపు ఆగలేదు. మర్నాడు డ్యూటీ ఎక్కకముందే వచ్చి అమ్మ నుదుటి మీద చేయి పెట్టి చూశారు. సిస్టర్, మీ పేరు కూడా అడగలేదు నేను.

ఆ నాలుగు రోజులూ ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగులు తీశారు, బిల్లులు కట్టించుకున్నారు. అమ్మ ఒంటిని ఒక్కరూ పూర్తిగా చూడలేదు. వాళ్లు వేసిన యాంటీబయాటిక్ ఈ జబ్బుకు పనిచేయదని తర్వాత తెలిసింది. పొలం పని చేసే ఆడమనిషి జ్వరమని వస్తే నడుము, చంకలు, రొమ్ముల కింద చూడడానికి ఎంతసేపు పడుతుంది?

మా ఆయన, తమ్ముడు ఆసుపత్రి చుట్టూ తిరుగుతూనే ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పేదేముంది.

అర్ధరాత్రి బాడుగ అడగకుండా దింపిన ఆటో అన్నకు కూడా దండాలు. పక్క బెడ్ పెద్దమ్మ ఇచ్చిన దుప్పటి ఇంకా మా దగ్గరే ఉంది, తిరిగిచ్చేస్తాను. అయ్యో, అన్ని రోజులూ మా ఆవుల పాలు పిండి కేంద్రంలో పోసింది పక్కింటి అక్క. అక్కా, నీ పేరు ముందే రాయాల్సింది.